ఉరిశిక్షపై వ్యాసమా? ముందు నాసిక్ కేసు చదవండి

'వంద మంది దోషులు తప్పించుకున్నా ఫర్వాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు.' ఉరిశిక్ష మీద ఎథిక్స్ వ్యాసం రాయమంటే చాలామంది ఈ వాక్యంతోనే మొదలుపెడతారు. మాక్ టెస్టుల పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఈ వాక్యం ఎన్నిసార్లు కనిపించిందో లెక్కలేదు. తప్పేమీ కాదు. కానీ ఆ తర్వాత రెండో పేరాలోనే 'అయితే అరుదైన కేసుల్లో అత్యంత అరుదైన వాటికి ఉరిశిక్ష ఉండాల్సిందే' అని రాసి ముగించేస్తారు. మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ మధ్య ఉన్న అగాధం వాళ్లకు కనిపించదు. కనిపించకపోవడానికి కారణం ఒక్కటే. నిర్దోషి ఉరికంబం దాకా ఎలా వెళ్తాడో, ఏ మెట్టు దగ్గర ఏం జరిగితే వెళ్తాడో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 'కోర్టులు కూడా పొరపాటు పడొచ్చు' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు.

ఆ మెట్లన్నీ ఒకే చోట కనిపించే కేసు మన దేశంలోనే ఉంది. మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర జరిగింది. ఆరుగురికి ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు ఖరారు చేసింది. పదేళ్ల తర్వాత అదే సుప్రీంకోర్టు, 'వీళ్లను అక్రమంగా ఇరికించారు' అని చెప్పి వదిలేసింది. వాళ్లు ప్రైవేటు మనుషులు, ఇప్పుడు వాళ్ల బతుకు వాళ్లు బతుకుతున్నారు. అందుకే పేర్లు ఇక్కడ రాయడం లేదు. తీర్పు తేదీలు చెబుతాను, కావాలంటే వెతికి చదువుకోండి.

2003 జూన్ 5 రాత్రి

నాసిక్ శివార్లలో ఒక తోట. అందులో గుడిసె వేసుకుని ఉంటున్న కుటుంబం. ఆ రాత్రి కొందరు దుండగులు లోపలికి చొరబడ్డారు. ఉన్న కాస్త డబ్బు, నగలు దోచుకున్నారు. ఇంట్లోవాళ్లను కొట్టారు, అత్యాచారం చేశారు. ఐదుగురు చనిపోయారు. తల్లి, ఒక కొడుకు మాత్రం తీవ్ర గాయాలతో బతికి బయటపడ్డారు. చదివితేనే కడుపులో దేవినట్టు ఉంటుంది. ఉరిశిక్ష ఉండాలని వాదించేవాళ్లు ఎలాంటి నేరాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారో, ఇది సరిగ్గా అలాంటి నేరం.

సాక్షులు ఆ ఇద్దరే. రెండు రోజుల తర్వాత, జూన్ 7న, పోలీసులు తల్లికి పాత నేరస్తుల ఫొటోల ఆల్బమ్ చూపించారు. ఆమె అందులో నలుగురిని గుర్తుపట్టింది. వీళ్లే వచ్చారు అని చెప్పింది. ఆ మాటలు మేజిస్ట్రేటు ముందు నమోదయ్యాయి.

ఆ నలుగురినీ పోలీసులు అరెస్టు చేయలేదు. వాళ్ల మీద దర్యాప్తు కూడా చేయలేదు. ఆ తర్వాత అరెస్టయిన ఆరుగురు వేరేవాళ్లు. సంచార తెగకు చెందిన పేద కూలీలు. ఒకరు అప్పటికి మైనర్ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. గుర్తింపు పరేడ్ పెట్టారు. తల్లీ కొడుకులు ఈ ఆరుగురిని గుర్తుపట్టారన్నదే కేసుకు ప్రధాన ఆధారమైంది. జూన్ 7న ఆమె ఇచ్చిన వాంగ్మూలాన్ని మాత్రం ప్రాసిక్యూషన్ కోర్టు ముందు పెట్టలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ తల్లి అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు. కళ్ల ముందు కుటుంబం పోయి, తాను చావు అంచుదాకా వెళ్లివచ్చిన మనిషి జ్ఞాపకం అది. చీకటి, భయం, నొప్పి మధ్య చూసిన ముఖాలు. పోలీసులు కొన్నాళ్లకు 'పట్టుకున్నాం, చూడండి' అని కొందరిని నిలబెడితే, వాళ్లలో ఆ ముఖాలు కనిపించడం చాలా సహజం. ఆ తర్వాత ఆ కొత్త ముఖాలే పాత జ్ఞాపకంలో అతుక్కుపోతాయి. కోర్టులో బోనులో ఉన్నవాణ్ని చూపించి 'వీడే' అన్నప్పుడు సాక్షి నిజాయతీగానే చెబుతుంటారు. నిజాయతీగా చెప్పే సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో కదిలించడం కష్టం. అందుకే మొదటి గుర్తింపుకు అంత విలువ. ఆ విలువైన కాగితమే పక్కకు పోయింది.

ఐదుగురు జడ్జీలు చూశారు

2006లో నాసిక్ సెషన్స్ కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. మన చట్టంలో సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించాలి. ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 407వ సెక్షన్. ముద్దాయి అప్పీలు చేసుకోకపోయినా ఫైలు హైకోర్టుకు వెళ్లాల్సిందే, కనీసం ఇద్దరు జడ్జీలు చూడాల్సిందే. 2007లో బాంబే హైకోర్టు ముగ్గురికి ఉరిని ధ్రువీకరించి, మిగతా ముగ్గురికి యావజ్జీవంగా మార్చింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009 ఏప్రిల్ 30న ఇద్దరు జడ్జీల ధర్మాసనం, హైకోర్టు శిక్ష తగ్గించిన ముగ్గురికి కూడా తిరిగి ఉరి ఖాయం చేసింది. అంటే మళ్లీ ఆరుగురూ ఉరికే. రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు.

ఐదుగురు జడ్జీలు, మూడు కోర్టులు. వీళ్లలో ఎవరూ దుర్మార్గులు కారు. తమ ముందున్న సాక్ష్యాన్ని బట్టి తీర్పు చెప్పారు. వాళ్ల ముందుకు రానిదే అసలు సమస్య. పై కోర్టు అంటే పై నుంచి కొత్తగా దర్యాప్తు చేసే సంస్థ కాదు. కింది కోర్టులో రికార్డయిన కాగితాలనే మళ్లీ చదువుతుంది. దర్యాప్తు దశలో మెలిక పడితే, ఆ మెలిక పైదాకా అలాగే ప్రయాణిస్తుంది. 'మూడు కోర్టులు ధ్రువీకరించాయి' అని వ్యాసంలో రాసేటప్పుడు మూడు వేర్వేరు పరీక్షలు జరిగాయన్న భావన వస్తుంది. చాలా సందర్భాల్లో అది ఒకే పరీక్ష పేపరును ముగ్గురు దిద్దడం లాంటిది. ప్రశ్నపత్రమే తప్పయితే ముగ్గురు దిద్దినా ప్రయోజనం లేదు.

ఈ కేసులో ఇంకో విచిత్రం ఉంది. 2009 నాటి తీర్పు శిక్ష విషయంలో ఆధారపడిన పాత తీర్పుల్లో రావ్‌జీ కేసు ఒకటి. నేరం ఎంత ఘోరమైనదన్నదే ముఖ్యం, నేరస్తుడి పరిస్థితులు కావు అన్నది 1996 నాటి ఆ తీర్పు సారం. అయితే 1980లోనే బచన్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, నేరాన్నీ నేరస్తుణ్నీ రెండింటినీ చూడాలని చెప్పేసింది. రావ్‌జీ తీర్పు దానికి విరుద్ధం. ఈ సంగతిని సుప్రీంకోర్టు ఎప్పుడు ఒప్పుకుందో తెలుసా? 2009 మే 13న, బరియార్ కేసులో. నాసిక్ తీర్పు వచ్చిన 13 రోజులకు! ఇద్దరు జడ్జీల ముందు ఇంకో రెండు వారాలు ఆ కేసు వాయిదా పడి ఉంటే తీర్పు వేరేగా ఉండేదేమో.

2012లో 14 మంది మాజీ న్యాయమూర్తులు రాష్ట్రపతికి లేఖ రాశారు. రావ్‌జీ లాంటి తప్పుడు ఆధారం మీద ఉరి పడిన 13 మందికి శిక్ష తగ్గించమని అడిగారు. ఆ 13 మందిలో నాసిక్ ఆరుగురూ ఉన్నారు. ఒక్క విషయం గమనించండి. ఆ లేఖ వాళ్లను నిర్దోషులని అనలేదు. శిక్ష తగ్గించమని మాత్రమే అడిగింది. అంత అనుభవమున్న, అంత సానుభూతి ఉన్న న్యాయమూర్తులకు కూడా అప్పటికి అసలు సంగతి తెలియదు.

2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఉరిశిక్ష పడినవాళ్ల రివ్యూ పిటిషన్లను ముగ్గురు జడ్జీలు బహిరంగ కోర్టులో వాదనలు విని తేల్చాలని చెప్పింది. అంతకుముందు రివ్యూ అంటే జడ్జీలు తమ ఛాంబర్‌లో కాగితాలు చూసి తేల్చేసేవారు. న్యాయవాది నోరు విప్పే అవకాశమే ఉండేది కాదు. నాసిక్ కేసు కూడా మళ్లీ తెరుచుకుంది. 2018 అక్టోబరులో పాత తీర్పును వెనక్కి తీసుకున్నారు. 2019 మార్చి 5న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ ముగ్గురిలో జస్టిస్ నజీర్ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు కాబట్టి ఆయన పేరు మనవాళ్లకు తెలిసిందే. జూన్ 7 నాటి గుర్తింపును పక్కన పెట్టడం, ఆ నలుగురిపై దర్యాప్తే చేయకపోవడం, సాక్షుల మాటల్లో పొంతన లేకపోవడం, ఇవన్నీ తీర్పులో ఉన్నాయి. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమని మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించారు. బాధ్యులైన అధికారులపై చర్య తీసుకోమన్నారు.

అప్పటికి వాళ్లు లోపల గడిపినది దాదాపు 16 ఏళ్లు. అందులో ఎక్కువ కాలం మెడ మీద ఉరితాడు వేలాడుతూనే ఉంది.

'ఎంత ఘోరం' వేరు, 'ఎవరు చేశారు' వేరు

ఇప్పుడు అసలు పాయింటుకు వద్దాం. 'అరుదైన కేసుల్లో అత్యంత అరుదైనది' అన్న సూత్రం ఒక జల్లెడ అనుకోండి. అది దేన్ని జల్లిస్తుంది? నేరం ఎంత ఘోరమైనదో, నేరస్తుడు మారే అవకాశం ఉందో లేదో చూస్తుంది. నేరం చేసినవాడు ఇతడేనా అన్న ప్రశ్న అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. దోషి అని తేల్చాకే శిక్ష గురించిన వాదన మొదలవుతుంది కదా. కాబట్టి ఈ జల్లెడ నిర్దోషిని ఆపదు. దాన్ని తయారుచేసింది ఆ పనికి కాదు.

ఇంకా చెప్పాలంటే, ఈ జల్లెడ సరిగ్గా తప్పు జరిగే అవకాశం ఎక్కువున్న కేసులనే ఏరి పైకి పంపుతుంది. ఎందుకంటారా? నేరం ఎంత ఘోరంగా ఉంటే ఎస్సై మీద, డీఎస్పీ మీద అంత ఒత్తిడి. టీవీల్లో చర్చలు, ఊరేగింపులు, మంత్రి నుంచి ఫోన్లు. ఎవరో ఒకరిని చూపించాలి. చూపించడానికి సులువుగా దొరికేది ఎవరు? అండా దండా లేనివాడు, పాత కేసు ఉన్నవాడు, అడగడానికి వెనక మనిషి లేనివాడు. అలాంటి నిందితుడికి కొన్ని చోట్ల స్థానిక బార్ లాయర్లు వాదించబోమని తీర్మానాలు కూడా చేస్తారు. లీగల్ ఎయిడ్ నుంచి వచ్చిన న్యాయవాదికి ఫైలు చేతికొచ్చేది ఆలస్యంగా. సాక్షులు తీవ్రమైన గాయాల్లో, షాక్‌లో ఉంటారు. ఈ మూడు కలిసినప్పుడు పొరపాటు జరగడం యాదృచ్ఛికం కాదు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, దేశంలో ఉరిశిక్ష ఎదుర్కొంటున్న ఖైదీల్లో 74.1 శాతం మంది ఆర్థికంగా బలహీన వర్గాలవారని తేలింది. అదే అధ్యయనం ప్రకారం కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పై కోర్టులు దాటి నిలబడినవి 5 శాతం లోపే. అంతకంటే ఎన్నో రెట్లు మంది పై కోర్టుల్లో నిర్దోషులుగా విడుదలయ్యారు.

ఈ అంకెలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. విడుదలైన ప్రతి ఒక్కరూ నిజంగా నేరం చేయనివాళ్లే అని రాయకండి. 'నేరం రుజువు కాలేదు' అన్నది వేరు, 'ఇతణ్ని ఇరికించారు' అన్నది వేరు. ఉరిశిక్ష సమర్థకుడైన ఎగ్జామినర్ దగ్గరికి మీ పేపరు వెళ్తే ఆయన పట్టుకునేది ఇక్కడే. నాసిక్ కేసు బలమేమిటంటే అది రెండో రకం. అలాగే రావ్‌జీ తీర్పు గురించి కూడా. దాని ఆధారంగా ఇద్దరిని 1996, 1997లలో రాజస్థాన్‌లో ఉరితీశారు. వాళ్లు నిర్దోషులని ఎవరూ అనలేదు. ఉరి వేయడానికి చూపించిన కారణమే తప్పని తర్వాత తేలింది. అది శిక్షలో పొరపాటు, దోషనిర్ణయంలో పొరపాటు కాదు. రెంటినీ కలిపేస్తే వ్యాసం పలచబడుతుంది.

అవతలి పక్షం వాదన

సమర్థకుల వాదనల్లో అన్నిటికంటే గట్టిది 'చూశారా, చివరికి వ్యవస్థ పనిచేసింది కదా' అన్నది. ఆరుగురూ బయటికి వచ్చారు, ఒక్కరూ చనిపోలేదు, మరి రక్షణలు ఉన్నట్టే కదా అంటారు. మొదట విన్నప్పుడు నాకూ ఇది సమంజసంగానే అనిపించింది. కానీ వాళ్లను కాపాడింది ఏమిటి? జూన్ 7 నాటి గుర్తింపు 2003 నుంచీ ఉంది. సెషన్స్ కోర్టు దాటింది, హైకోర్టు దాటింది, సుప్రీంకోర్టు దాటింది, రివ్యూ దాటింది. రక్షణ కోసం పెట్టిన ప్రతి తలుపూ దాటింది. కాపాడింది జాప్యం. ఉరి వెంటనే అమలు కాలేదు కాబట్టి, 2014లో ఇంకెవరి కేసులోనో నిబంధన మారింది కాబట్టి బతికారు. వ్యవస్థ పనిచేయడం అంటే ఇది కాదు, అదృష్టం అంటే ఇది.

పైగా ఆ జాప్యాన్నే మనం తగ్గించమంటున్నాం. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరం తర్వాత మన రెండు రాష్ట్రాల్లో పుట్టిన ఆగ్రహం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు కొందరు స్కూల్లో ఉండి ఉంటారు. ఆ డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. తిరుగులేని ఆధారం ఉన్న అత్యాచార కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు, ఉరి. అది చట్టంగా అమల్లోకి రాలేదు. నాసిక్ పోలీసులకు కూడా 2003లో 'తిరుగులేని ఆధారం' ఉంది: కళ్లారా చూసిన ఇద్దరు సాక్షులు. 21 రోజుల్లో ఆ మెలిక విప్పగలిగేవాళ్లు ఎవరు?

రెండో వాదన: యావజ్జీవం పడ్డ నిర్దోషికి కూడా అన్యాయమే కదా, పోయిన 16 ఏళ్లు తిరిగి ఇవ్వగలరా? ఇవ్వలేరు. ఈ మాట నిజం, వ్యాసంలో ఒప్పుకోండి. అయినా తేడా ఉంది. విజయవాడలో 2007 డిసెంబరులో హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైన కేసు తెలుగువాళ్లందరికీ తెలుసు. 2008లో ఒక యువకుణ్ని అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న అప్పటి ఉమ్మడి హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. నడవడానికి ఇబ్బంది పడుతూ బయటికొచ్చాడు, కానీ వచ్చాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. ఉరి అమలైపోయి ఉంటే మళ్లీ దర్యాప్తు కోరడానికి మనిషే ఉండడు. మరో సంగతి: మనిషిని ఉరితీశాక ఆ ఫైలు మళ్లీ తెరవడానికి ఎవరికి ఆసక్తి? పోలీసుకు లేదు, ప్రభుత్వానికి అసలే లేదు. 'మన దేశంలో నిర్దోషిని ఉరితీసినట్టు ఒక్క రుజువైనా ఉందా' అని సవాలు చేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. రుజువు వెతికే మనిషితో పాటే రుజువూ పోతుంది.

మూడోది డీఎన్‌ఏ. 'ఇప్పుడు సైన్స్ వచ్చింది, పాత రోజుల పొరపాట్లు జరగవు' అంటారు. చాలా కేసుల్లో డీఎన్‌ఏ నిజంగానే మేలు చేసింది. కానీ నాసిక్‌లో కొరత సైన్సుది కాదు. తెలిసిన విషయాన్ని కోర్టుకు చెప్పకపోవడం. ల్యాబ్ రిపోర్టును దాచే చేయి, వాంగ్మూలాన్ని దాచిన చేయి ఒకటే అయినప్పుడు యంత్రం ఏం చేస్తుంది?

కాంట్‌ను వదలకండి

ఎథిక్స్ పేపరు కాబట్టి తత్త్వవేత్తలు కావాలి. చాలామంది కాంట్‌ను ఉరి అనుకూల పక్షంలో, బెంథామ్‌ను లాభనష్టాల లెక్క పక్షంలో పెట్టి చేతులు దులుపుకుంటారు. కాంట్ నిజంగానే గట్టి సమర్థకుడు. ఒక ద్వీపంలోని సమాజం రద్దయిపోయి అందరూ తలోదారి వెళ్లిపోయే ముందు కూడా జైల్లో ఉన్న చివరి హంతకుణ్ని ఉరితీసి వెళ్లాలన్నాడు. ఎందుకు? శిక్ష ఇంకెవరి ప్రయోజనం కోసమో కాదు, అతను దానికి అర్హుడు కాబట్టి. మనిషిని ఇంకొకరి లక్ష్యానికి పనిముట్టుగా వాడకూడదన్నది ఆయన మూలసూత్రం.

ఇప్పుడు ఆ సూత్రాన్నే నాసిక్ మీద పెట్టి చూడండి. నేరం చేయని ఆరుగురిని ఉరికి పంపడం అంటే, సమాజం ఆగ్రహం చల్లార్చడానికి వాళ్లను పనిముట్టుగా వాడటమే. అర్హతే శిక్షకు ఆధారం అన్నవాడికి, అర్హత లేని మనిషికి ఉరి పడే అవకాశం చిన్న లోపం కాదు, పునాది మీదే దెబ్బ. లాభనష్టాల పక్షానికి ఇది అంత ఇబ్బంది కాదు, వింతగా. ఎర్నెస్ట్ వాన్ డెన్ హాగ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ సూటిగానే వాదించాడు: లారీలు నడిపితే, భవనాలు కడితే అమాయకులు చనిపోతారు, అయినా ఆపేస్తామా, ఉరిశిక్ష వల్ల ఎక్కువ ప్రాణాలు నిలిస్తే కొన్ని పొరపాట్లు భరించాలి అని. దీనికి రెండు జవాబులు. లారీ ఎవరినీ పేరు పెట్టి పిలిచి చంపదు, ప్రభుత్వం పిలుస్తుంది, వారంటు మీద పేరు రాస్తుంది. ఇక ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయన్న భాగానికి ఆధారం కావాలి. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో ఆ అధ్యయనాలన్నీ పరిశీలించి, ఉరిశిక్ష హత్యల్ని తగ్గిస్తుందా పెంచుతుందా అన్నది వాటితో తేల్చలేమని చెప్పింది. 'ఉరి భయం పనిచేయదని రుజువైంది' అని మాత్రం రాయకండి. రుజువైంది అదీ కాదు. లాభం తెలియని చోట నష్టం మాత్రం నాసిక్‌లో లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉంది. అన్నట్టు బెంథామ్ కూడా ఉరిని వ్యతిరేకించాడు. పొరపాటు జరిగితే దిద్దుకోలేమన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి.

మధ్యేమార్గం కావాలనుకునేవాళ్లకు ఒకటి ఉంది, దాన్ని గౌరవంగానే చూడాలి. 2014లో అశోక్ దెబ్బర్మ కేసులో సుప్రీంకోర్టు 'మిగిలి ఉన్న సందేహం' అన్న ఆలోచనను ప్రస్తావించింది. దోషి అని తేల్చడానికి సరిపోయే రుజువు ఉన్నా, మనసులో ఏ మూలో కాస్త అనుమానం మిగిలితే ఉరి మాత్రం వేయకూడదన్నది దాని సారం. మంచి ఆలోచనే. కానీ సందేహం రావాలంటే సందేహం పుట్టించే కాగితం జడ్జి ముందు ఉండాలి. నాసిక్‌లో 2009 ధర్మాసనానికి రవ్వంత సందేహం కూడా లేదు. అందుకే ముగ్గురి శిక్ష పెంచింది. మనకు ఎంత నమ్మకంగా అనిపిస్తోందన్నది నిజానికి కొలబద్ద కాదు. నేను ఉరిశిక్ష వద్దనే పక్షాన ఉండటానికి కారణం ఇదే. 2015లో జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని లా కమిషన్ తన 262వ నివేదికలో ఉగ్రవాదం, దేశంపై యుద్ధం కేసులు మినహా ఉరి తీసేయమంది. ఆ మినహాయింపు నాకు అర్థం కాదు. పోలీసులపై ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువుండేది ఆ కేసుల్లోనే కదా.

ఈ పేజీ చదివే మీలో కొందరు ఎస్సై పరీక్ష రాస్తారు, కొందరు గ్రూప్-1లో డీఎస్పీ అవుతారు, లా చదివినవాళ్లు ఏపీపీ, జూనియర్ సివిల్ జడ్జి నోటిఫికేషన్ల కోసం చూస్తున్నారు. ఆసుపత్రిలో మంచం మీదున్న సాక్షికి ఆల్బమ్ చూపించేది మీరే, ఆమె వేలు పెట్టి చూపించిన ఫొటో నంబరు రాసుకునేది మీరే. మూడు వారాల తర్వాత వేరేవాళ్లు దొరికితే ఆ కాగితాన్ని ఛార్జిషీటుతో పెట్టాలా వద్దా అన్న ప్రశ్న మీ టేబుల్ మీదికే వస్తుంది. పెడితే కేసు బలహీనపడుతుందని పైఅధికారి అనొచ్చు.

నాసిక్‌లో ఆ తల్లి సంగతి కూడా వ్యాసంలో రాయండి. ఉరి వద్దనే వాళ్లు బాధితుల్ని మర్చిపోతారన్న నింద ఊరికే రాలేదు. ఆమె కుటుంబాన్ని పొట్టన పెట్టుకున్నది ఎవరో తేల్చకుండానే 16 ఏళ్లు గడిచిపోయాయి. రెండు రోజుల నాటి జ్ఞాపకంతో ఆమె చూపించిన ఆ నలుగురిని ఆ రోజు ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.